38వ రోజున కట్టిన ప్రీమియం: ఒక ఆరోగ్య బీమా చెల్లింపు రికార్డును చదివిన తీరు

భార్యాభర్తలిద్దరికీ కలిపి 5 లక్షల రూపాయల ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ. ఏడాదికోసారి ప్రీమియం. 2021లో తీసుకునేటప్పటికి ఆయనకు 48 ఏళ్లు, షుగర్ ఉంది. ఆ సంగతి ప్రపోజల్ ఫారంలో దాచకుండా రాశారు. ముందునుంచే ఉన్న జబ్బులకు క్లెయిమ్ రావాలంటే ఆగాల్సిన కాలం, అంటే వెయిటింగ్ పీరియడ్, ఈ పాలసీలో 36 నెలలు. 2025 ఫిబ్రవరిలో ఆయన కాలికి పుండు పడి ఇన్‌ఫెక్షన్ ముదిరింది. ఆసుపత్రిలో చేరితే బిల్లు 1,86,000 రూపాయలయింది. క్లెయిమ్ పెడితే వెయిటింగ్ పీరియడ్ పూర్తి కాలేదంటూ తిరస్కరించారు. ఇంట్లోవాళ్ల వాదన సూటిగానే ఉంది: "2021 నుంచి ఏటా కడుతూనే ఉన్నాం, ఒక్క ఏడూ మానలేదు. మూడేళ్లు దాటిపోయింది కదా?"

ఏటా కట్టిన మాట నిజం. క్లెయిమ్‌ను తిరస్కరించడం కూడా నిబంధన ప్రకారమే జరిగింది. ఈ రెండూ ఎలా కుదిరాయో చెల్లింపు రికార్డులోనే ఉంది. ఇది వివరించడానికి కూర్చిన నమూనా కేసు. ఏ ఒక్క కుటుంబానిదీ, కంపెనీదీ కాదు. అయితే గడువులోగా కట్టక పాలసీ తెగిపోయే ల్యాప్స్ వివాదాల్లో తరచూ కనిపించే వరస ఇదే.

| వరుస | పాలసీ కాలం | మొత్తం (రూ.) | తేదీ | స్థితి |
|---|---|---|---|---|
| 1 | 12-06-2021 నుంచి 11-06-2022 | 18,880 | 11-06-2021 | జారీ |
| 2 | 12-06-2022 నుంచి 11-06-2023 | 18,880 | 06-06-2022 | రెన్యువల్ |
| 3 | 12-06-2023 నుంచి 11-06-2024 | 19,470 | 29-06-2023 | రెన్యువల్ |
| 4 | (ఖాళీ) | 23,600 | 07-06-2024 | డెబిట్ విఫలం |
| 5 | 24-07-2024 నుంచి 23-07-2025 | 23,600 | 19-07-2024 | జారీ |

చాలామంది ఈ పట్టికలో ముందు చూసేది మొత్తం, ఆ తర్వాత తాము కట్టిన తేదీ. ఆ కంటితో చూస్తే ఇక్కడ తప్పేమీ కనిపించదు. 2021, 22, 23, 24 నాలుగేళ్లకూ డబ్బు అందింది. చూడాల్సింది పాలసీ కాలం గడిని. ఒక వరుస ముగిసిన మర్నాడే తర్వాతి వరుస మొదలవ్వాలి. 11-06-2022 ముగిసింది, 12-06-2022 మొదలైంది. 11-06-2023 ముగిసింది, 12-06-2023 మొదలైంది. మూడో వరుస 11-06-2024తో ముగిసింది. ఆ తర్వాతి కాలం మాత్రం 24-07-2024న మొదలైంది. గొలుసు అక్కడ తెగింది.

రెండో ఆనవాలు స్థితి గడిలో ఉంది. అయిదో వరుసలో 'రెన్యువల్' అని లేదు, మొదటి వరుసలో ఉన్నట్టే 'జారీ' అని ఉంది. అంటే 2024 జూలైలో పాత పాలసీ కొనసాగలేదు, కొత్త పాలసీ పుట్టింది. పాలసీ వివరాలన్నీ రాసివుండే షెడ్యూలు తెరిస్తే మిగతావీ తేలిపోతాయి. పాలసీ నంబరు మారింది. 'గత పాలసీ నంబరు' గడి ఖాళీగా ఉంది. 'మొదటి పాలసీ ప్రారంభ తేదీ' దగ్గర 2021 బదులు 24-07-2024 ఉంది. క్యుములేటివ్ బోనస్ సున్నా అయింది. క్లెయిమ్ లేని ప్రతి ఏడాదికీ 5 శాతం బోనస్ చొప్పున మూడో ఏడాదికి కవరేజీ 5,50,000 అయింది. నాలుగో ఏడాది సకాలంలో రెన్యువల్ అయివుంటే 5,75,000 ఉండేది. కొత్త షెడ్యూల్లో మళ్లీ 5,00,000 దగ్గరే ఉంది. రసీదులో ఈ సంగతులేవీ ఉండవు, అందుకే రసీదొక్కటే చూసి ఫైలు మూయకూడదు. పన్ను మినహాయింపు కోసం ఇచ్చే 80డి సర్టిఫికెట్ కూడా ఇక్కడ పనికిరాదు. ఆ ఏడాది ఎంత కట్టారో అది చెబుతుంది, పాలసీ తెగిందో లేదో చెప్పదు.

ఇది ఎలా జరిగిందో తెలియాలంటే మూడో వరుస దగ్గరికి వెళ్లాలి. అసలు కథంతా 2023లోనే మొదలైంది.

2023లో పాలసీ జూన్ 11న ముగిసింది. డబ్బు 29న అందింది, అంటే 18వ రోజున. ఏడాదికోసారి, ఆరు నెలలకోసారి, మూడు నెలలకోసారి కట్టే పాలసీలకు గడువు దాటాక ఇచ్చే గ్రేస్ పీరియడ్ 30 రోజులు. నెలనెలా కట్టేవాటికి 15 రోజులు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ఇది. 18వ రోజు 30 లోపలే కాబట్టి కంపెనీ రెన్యువల్ చేసింది. వెయిటింగ్ పీరియడ్‌లో అప్పటికే గడిచిన రెండేళ్లూ నిలిచాయి, బోనసూ నిలిచింది. ఆ చెల్లింపుకు వంక పెట్టడానికి లేదు.

కానీ ఆ 18 రోజుల్లో రికార్డు బయటపెట్టని ఒక ప్రమాదం దాటిపోయింది. ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టే పాలసీలో గ్రేస్ పీరియడ్ అంటే కట్టడానికి ఇచ్చిన వ్యవధి మాత్రమే, ఆ రోజుల్లో బీమా రక్షణ ఉన్నట్టు కాదు. ప్రీమియం అందకుండా బీమా కంపెనీ రిస్కు మోయకూడదని 1938 నాటి బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ చెబుతోంది. 2023 జూన్ 12 నుంచి 28 దాకా 17 రోజులు వాళ్లిద్దరికీ కవరేజీ లేదు. ఆ రోజుల్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరి, 29న ప్రీమియం కట్టి, ఆ బిల్లుకు క్లెయిమ్ పెట్టివుంటే వచ్చేది కాదు. జేబులో కార్డు ఉంటుంది, దాని మీద పేరూ నంబరూ ఉంటాయి. కానీ నగదు రహిత చికిత్సకు అనుమతి అడిగినప్పుడు చూసేది కార్డును కాదు, ఆ రోజు పాలసీ అమల్లో ఉందా లేదా అన్నదాన్ని. షెడ్యూల్లో '12-06-2023 నుంచి' అని ఉన్నా ఈ మధ్య రోజులకు రక్షణ లేదన్న షరతు పాలసీ పత్రంలో గ్రేస్ పీరియడ్ నిర్వచనం దగ్గర ఉంటుంది.

వాయిదాల్లో కట్టేవారి సంగతి వేరు. పాలసీ కాలం నడుస్తుండగా నెలసరి లేదా మూడు నెలల వాయిదా గడువు దాటితే, గ్రేస్ రోజుల్లో కూడా కంపెనీ కవరేజీ ఇవ్వాలని 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. నెలనెలా 5వ తేదీన కట్టాల్సిన వాయిదా తప్పితే 20వ తేదీ దాకా కట్టవచ్చు, ఆ మధ్య కవరేజీ ఉంటుంది. ఆలోగా కట్టకపోతే పాలసీ రద్దవుతుంది. ఈ పాలసీల్లో సాధారణంగా ఇంకో షరతు కూడా ఉంటుంది: క్లెయిమ్ వస్తే ఆ ఏడాదికి మిగిలిన వాయిదాలన్నీ ఒక్కసారే కట్టాలి, లేదా క్లెయిమ్ సొమ్ములోంచి కోసుకుంటారు. 'గ్రేస్‌లో కవరేజీ ఉంటుంది' అని ఎవరైనా చెబితే, అది ఏ రకం చెల్లింపుకు చెప్పారో అడగాలి. ఒక ఇంట్లో వాయిదాల పాలసీకి నిజమైన మాట పక్కింట్లో ఏడాది పాలసీకి నిజం కాదు.

ఇప్పుడు నాలుగో వరుస. 2023 జూన్ 29న ఆలస్యంగా కట్టినప్పుడే, మళ్లీ ఇలా జరగకూడదని బ్యాంకు ఖాతా నుంచి ఆటో డెబిట్‌కు ముందస్తు అనుమతి, అంటే మాండేట్ ఇచ్చారు. మంచి పనే. ఆ ఏడాది ప్రీమియం 19,470 కాబట్టి మాండేట్ గరిష్ఠ పరిమితి 20,000 అని పెట్టారు. 2024లో ఆయన వయసు 51 దాటి తర్వాతి వయోవర్గంలోకి వెళ్లింది. ప్రీమియం 20,000 అయింది. దాని మీద అప్పట్లో ఉన్న 18 శాతం జీఎస్టీ 3,600 కలిసి 23,600. ఖాతాలో డబ్బు నిండుగానే ఉంది. అయినా అడిగిన మొత్తం మాండేట్ పరిమితిని దాటింది కాబట్టి డెబిట్ విఫలమైంది. ఆటో డెబిట్ పెట్టాం, అదే పోతుందన్న నమ్మకంతో ఎవరూ ఆ మెసేజ్‌ను పట్టించుకోలేదు.

ఆటో డెబిట్ తప్పిందంటే ఖాతాలో డబ్బు లేకపోవడమే కారణమని అందరూ అనుకుంటారు. ఆరోగ్య బీమాలో మాత్రం ఈ పరిమితి సమస్యను ముందు అనుమానించాలి. జీవిత బీమా ప్రీమియం ఏళ్ల తరబడి ఒకేలా ఉంటుంది, ఆరోగ్య బీమాది వయసుతో పెరుగుతుంది. మాండేట్ ఇచ్చేటప్పుడు ఈ ఏడాది ప్రీమియం చూసి కాకుండా, దానికి కనీసం రెట్టింపు పరిమితి పెట్టాలి. పరిమితి ఎక్కువ పెట్టినంత మాత్రాన ఎక్కువ కోయరు, ఆ ఏడాది బిల్లు ఎంతో అంతే పోతుంది. క్రెడిట్ కార్డు మీద స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టుకున్నవారికి కార్డు గడువు తీరి కొత్త నంబరు రావడం ఇలాంటిదే మరో కారణం.

డెబిట్ పోలేదని ఇంట్లోవాళ్లకు జూలైలో తెలిసింది. అప్పుడు వాళ్లు వేసిన లెక్క ఇది: 'పోయినేడు జూన్ 29న కట్టాం. ఏడాది అంటే ఈ జూన్ 28 వరకు. దాని మీద 30 రోజులు గ్రేస్. జూలై 28 దాకా టైముంది.' జూలై 19న కట్టారు.

ఈ లెక్క పూర్తిగా నిరాధారం కాదు. గ్రేస్‌లో రెన్యువల్ చేసినప్పుడు కొన్ని కంపెనీలు కొత్త పాలసీ కాలాన్ని డబ్బు అందిన తేదీ నుంచే రాస్తాయి. అలా రాసివుంటే మూడో వరుసలో '29-06-2023 నుంచి 28-06-2024' అని ఉండేది, అప్పుడు జూలై 19 అంటే గడువు తర్వాత 21వ రోజు, హాయిగా రెన్యువల్ అయ్యేది. ఈ కంపెనీ మాత్రం పాత తేదీనే నిలిపి '12-06-2023 నుంచి 11-06-2024' అని రాసింది. అదే డబ్బు, అదే రోజు కట్టినా, షెడ్యూల్లో ముగింపు తేదీ ఎలా రాశారన్న ఒక్కదాన్ని బట్టి ఫలితం తారుమారైంది. కాబట్టి గ్రేస్ లెక్క మొదలయ్యేది రసీదు తేదీ నుంచి కాదు, ప్రస్తుత షెడ్యూల్లో 'వరకు' అన్న చోట ఉన్న తేదీ నుంచి. గ్రేస్‌లో ఒకసారి కట్టిన ప్రతి ఇంట్లోనూ ఆ ఏడాది కొత్త షెడ్యూలు తెరిచి ఆ తేదీని కళ్లతో చూసి, కేలండర్లో దాన్నే రాసుకోవాలి.

అసలు లెక్క ఇలా వేయాలి. ముగింపు 11-06-2024. మొదటి గ్రేస్ రోజు జూన్ 12. జూన్ 12 నుంచి 30 వరకు 19 రోజులు, జూలైలో 11 రోజులు, మొత్తం 30. కట్టడానికి చివరి రోజు జూలై 11. నెల రోజులని కాకుండా 30 రోజులని లెక్కపెట్టాలి. 31 రోజులున్న నెలలో ముగిసే పాలసీకి ఇది ఒక రోజు తేడా తెస్తుంది. ముగింపు జూలై 23 అయితే చివరి రోజు ఆగస్టు 22, 23 కాదు. ఆ చివరి రోజు దాకా ఆగడం కూడా మంచిది కాదు. లెక్కకొచ్చేది కంపెనీకి డబ్బు అందిన తేదీ. చెక్కు బౌన్స్ అయినా, ఆన్‌లైన్లో ఖాతా నుంచి డబ్బు పోయి లావాదేవీ మధ్యలో ఆగి తిరిగొచ్చినా, మళ్లీ కట్టేసరికి 31వ రోజు వస్తుంది.

జూలై 19 అంటే 38వ రోజు. అప్పటికి పాత పాలసీ ల్యాప్స్ అయి ఎనిమిది రోజులైంది.

ల్యాప్స్ అన్న మాట దగ్గర మన ఇళ్లలో ఒక పాత అలవాటు అడ్డొస్తుంది. ఎల్ఐసీ పాలసీ ల్యాప్స్ అయితే బకాయిలు, వడ్డీ కట్టి రివైవల్ చేయించుకోవడం చాలా కుటుంబాలకు తెలిసిన పని. దానికి అయిదేళ్ల వరకు వ్యవధి ఉంటుంది. ఏడాది ఆరోగ్య పాలసీలో అలాంటి హక్కు లేదు. అది ఏడాదికోసారి కొత్తగా రాసుకునే ఒప్పందం, గ్రేస్ దాటితే పునరుద్ధరించడానికి అక్కడ ఏమీ మిగలదు. అందుకే కంపెనీ కొత్త ప్రపోజల్ తీసుకుంది. 19న తీసుకున్న 23,600ను ప్రపోజల్ డిపాజిట్‌గా ఉంచి, ఆరోగ్య వివరాలు మళ్లీ అడిగి, 24 నుంచి కొత్త పాలసీ ఇచ్చింది. పాత రెన్యువల్ నోటీసులో ఉన్న మొత్తమే కట్టడంతో ఇంట్లోవాళ్లకు ఇది రెన్యువల్లాగే కనిపించింది. ఆరోగ్య ప్రశ్నలున్న ఫారం మళ్లీ నింపమన్నారంటేనే అది రెన్యువల్ కాదని పసిగట్టాలి. సాధారణ రెన్యువల్‌కు, కవరేజీ పెంచమని అడగనంతవరకు, ఆ ఫారం అవసరం రాదు.

పోగొట్టుకున్నది ఏమిటో తేదీల్లోనే చూడాలి. 12-06-2021న మొదలైన 36 నెలల వెయిటింగ్ 11-06-2024తో పూర్తయింది. సరిగ్గా పాలసీ ముగిసిన రోజునే. జూలై 11 లోపు 23,600 కట్టివుంటే, కట్టిన రోజు నుంచి షుగర్‌కూ దానివల్ల వచ్చే ఇబ్బందులకూ కవరేజీ ఉండేది. ఫిబ్రవరి 2025 క్లెయిమ్‌కు ఈ నిబంధన అడ్డొచ్చేదే కాదు. ఎనిమిది రోజుల ఆలస్యంతో లెక్క 24-07-2024 నుంచి మళ్లీ మొదలై 23-07-2027 దాకా వెళ్లింది. ప్రమాదాలు మినహా మిగతా జబ్బులకు మొదటి 30 రోజుల వెయిటింగ్ మళ్లీ వచ్చింది. హెర్నియా, కంటిశుక్లం లాంటి పేర్కొన్న చికిత్సలకు ఉండే వెయిటింగ్ కూడా మళ్లీ మొదటికొచ్చింది, ఇది భార్యకూ వర్తిస్తుంది. ఇంకొకటుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 60 నెలలు ఎడతెగకుండా పాలసీ నడిస్తే ఆ తర్వాత, మోసం రుజువైతే తప్ప, ప్రపోజల్లో ఫలానాది చెప్పలేదన్న కారణంతో కంపెనీ క్లెయిమ్‌ను కాదనలేదు. దీన్ని మొరటోరియం అంటారు. 2021 లెక్కలో 36 నెలలు గడిచిన ఆ గడియారం కూడా సున్నాకొచ్చింది.

తిరస్కరణ లేఖతో ఇప్పుడు ఏం చేయగలరు? ఈ కేసులో మూడు కాగితాలు చూడాలి. మొదటిది బ్యాంకు స్టేట్‌మెంట్. జూన్ 12, జూలై 11 మధ్య ఎప్పుడైనా ఖాతా నుంచి డబ్బు కంపెనీకి వెళ్లిందా? వెళ్లివుండి, రసీదు ఆలస్యంగా వేసివుంటే కేసు చాలా బలమైంది. ఆ బ్యాంకు లావాదేవీకి వచ్చిన యూటీఆర్ నంబరుతో ఫిర్యాదు పెడితే తేదీ సరిదిద్దమని గట్టిగా అడగవచ్చు. ఇక్కడ అలాంటి లావాదేవీ లేదు. రెండోది ఏజెంటుకు గానీ బ్రోకర్‌కు గానీ ఆలోగా చెక్కో డబ్బో ఇచ్చిన రుజువు. అదీ లేదు. మూడోది రెన్యువల్ నోటీసు. నోటీసు రాలేదన్న వాదన చాలామంది తెస్తారు, కానీ రెన్యువల్ నోటీసు పంపే ప్రయత్నం చేస్తామే తప్ప పంపి తీరాలన్న బాధ్యత తమకు లేదని పాలసీ పత్రాల్లో సాధారణంగా రాసే ఉంటుంది. ఒక్క దాని మీదే ఆధారపడిన ఫిర్యాదు నిలవడం కష్టం.

మిగిలిన దారి ఆలస్యాన్ని మన్నించమని కంపెనీని రాతపూర్వకంగా కోరడం. ఇది హక్కు కాదు, కంపెనీ విచక్షణ. దానికి తగిన సమయం 2024 జూలై. 38వ రోజున కొత్త ప్రపోజల్ మీద సంతకం పెట్టే ముందే, మూడేళ్ల చెల్లింపు చరిత్ర, మాండేట్ విఫలమైన మెసేజ్ జతచేసి, పాత పాలసీ కొనసాగింపుగా పరిగణించమని అడిగివుంటే వినే అవకాశం ఉండేది. అప్పటికి క్లెయిమ్ లేదు, ఆసుపత్రి లేదు. ఇప్పుడు 1,86,000 బిల్లు బల్ల మీద పెట్టి అదే మాట అడిగితే వినేవారు తక్కువ. అయినా అడగడంలో నష్టం లేదు. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది సంతృప్తిగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ తుది జవాబిచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255 నంబరులో గానీ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఈ రికార్డుతో గెలుపు మీద పెద్ద ఆశ పెట్టుకోమని చెప్పలేం.

ఒక్క పని మాత్రం చేయకూడదు. షుగర్‌ను ప్రపోజల్లో రాయకుండా ఇంకో కంపెనీలో కొత్త పాలసీ తీసుకుంటే వెయిటింగ్ గొడవ ఉండదని సలహా ఇచ్చేవాళ్లు ఇలాంటప్పుడు తగులుతారు. షుగర్ సంగతి ఆసుపత్రి కేస్ షీట్లలో, పాత పాలసీ ప్రపోజల్లో, ఇప్పుడు తిరస్కరణ లేఖలో కూడా రాసి ఉంది. దాచింది బయటపడితే పోయేది షుగర్ క్లెయిమ్ ఒక్కటే కాదు, మొత్తం పాలసీనే రద్దు చేయవచ్చు.

ఇప్పటి పాలసీలో ఆయన షుగర్ రాసే ఉంది, అది మేలు. దాన్నే తెగకుండా నడపాలి. క్లెయిమ్ పెట్టారన్న కారణంతో రెన్యువల్‌ను కంపెనీ కాదనకూడదు, కాబట్టి ఆ భయం అక్కర్లేదు. ఫైలు మీద రాసుకోవాల్సిన తేదీలు ఇవి: ఏటా ముగింపు జూలై 23, గ్రేస్‌లో చివరి రోజు ఆగస్టు 22, కానీ జూలై 23 దాటితే కట్టేదాకా కవరేజీ లేదు. మాండేట్ పరిమితిని 20,000 నుంచి 50,000కు మార్చాలి. పాత మాండేట్‌ను సవరించడం కుదరకపోతే రద్దుచేసి కొత్తది ఇవ్వాలి. కొత్తది బ్యాంకులో నమోదు కావడానికి రోజులు పడుతుంది కాబట్టి జూన్‌లోనే ఆ పని మొదలుపెట్టాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. కాబట్టి 2026 రెన్యువల్ నోటీసులో పన్ను గడి సున్నాగా ఉంటే అది పొరపాటు కాదు. ప్రతి రెన్యువల్ తర్వాతా కొత్త షెడ్యూల్లో మొదటి ప్రారంభ తేదీ 24-07-2024గానే ఉందో లేదో చూడాలి. అది మారకుండా 2027 జూలై 23 దాటితే, ఆ నెల 24 నుంచి షుగర్‌కు కవరేజీ మొదలవుతుంది.